కొత్త కళ్లజోడు కుదరకపోతే

చత్వారం వచ్చాక, దూరానికీ దగ్గరికీ ఒకే జోడు చాలని చాలామంది ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించుకుంటారు. తీరా పెట్టుకున్నాక మెట్లు దిగాలంటే భయం, చూపు పక్కకు తిప్పితే గది ఊగినట్టుంటుంది. షాపుకెళ్లి చెబితే వచ్చే జవాబు ఒకటే: ‘అలవాటవుతుందండీ!’

చాలావరకు అది నిజమే. ఈ అద్దంలో పైభాగం దూరానికి, కింది భాగం చదవడానికి. రెండింటి మధ్య సన్నటి దారిలో పవర్ కొద్దికొద్దిగా మారుతుంది. ఆ దారికి ఇరుపక్కలా మసక ఉండి తీరుతుంది. ఖరీదైన అద్దంలో అది తగ్గుతుందే గాని పోదు. అందుకే కళ్లు తిప్పడం మాని తల తిప్పి చూడాలి. సాధారణంగా రెండు వారాల్లో ఇది సర్దుకుంటుంది. మధ్యమధ్యలో పాత జోడు తగిలిస్తుంటే ఆలస్యమవుతుంది.

రోజులు గడిచినా ఏమాత్రం తగ్గని ఇబ్బందిని మాత్రం అలవాటు పేరుతో భరించకూడదు. ఓ బ్యాంకు ఉద్యోగిని కంప్యూటర్ చూడాలన్నా, చీటీ చదవాలన్నా గడ్డం పైకెత్తాల్సి వస్తోందనుకుందాం. సాయంత్రానికి మెడనొప్పి. పవర్ సరిగ్గానే ఉన్నా అద్దం కిందికి కూర్చుంటే ఇలాగే అవుతుంది. అదే, దూరం చూడటానికి గడ్డం దించాల్సి వస్తుంటే అద్దం పైకి ఉన్నట్టు.

దీన్ని షాపులోనే తేల్చుకోవచ్చు. ముందు లెన్సోమీటర్‌లో పవర్‌ను డాక్టరు చీటీతో సరిచూస్తారు. తర్వాత అద్దాన్ని వెలుతురుకు వాల్చి చూస్తే, 34 మిల్లీమీటర్ల ఎడంతో రెండు సన్నటి గుర్తులు కనిపిస్తాయి. వాటి ఆధారంగా కంపెనీ చార్టుపై పెట్టి, స్కెచ్ పెన్నుతో ప్లస్ గుర్తు వేస్తారు. జోడు పెట్టుకుని నిటారుగా చూసినప్పుడు ఆ గుర్తు కంటిపాప మీదికి రావాలి. మన ఉద్యోగినికి అది మూడు మిల్లీమీటర్లు కిందుంది. నోస్ ప్యాడ్లు దగ్గరికి నొక్కితే ఒక మిల్లీమీటరు కలిసొచ్చింది. మిగతాది అద్దం మార్చితే తప్ప సరికాదు. ఫ్రేమును ముఖానికి సర్దకముందే కొలత తీసుకోవడం వల్ల ఇలాంటి తప్పు జరుగుతుంది.

పవర్ వేసి కోసిన అద్దం మరొకరికి పనికిరాదు కాబట్టి షాపులు డబ్బు వాపసుకు అంత తేలిగ్గా ఒప్పుకోవు. కొత్త అద్దం వేసివ్వడానికి మాత్రం చాలాచోట్ల ఒప్పుకుంటారు. చాలా ప్రోగ్రెసివ్ కంపెనీలు, అలవాటు పడలేని కొనుగోలుదారుకు గడువు లోపల ఒకసారి అద్దం మార్చే వీలు షాపుకిస్తాయి. ఆ గడువు ఎన్ని రోజులో బిల్లు మీదే రాయించుకోవాలి. పవర్‌లోనే తేడా ఉంటే డాక్టరు మళ్లీ చూసి కొత్త చీటీ ఇవ్వాలి. షాపు కొలత తప్పయినా డబ్బు కట్టమంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించినా, మెరుపులు, నొప్పి వచ్చినా కళ్లజోడు సంగతి పక్కనపెట్టి వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

కొత్త అద్దం ఆర్డరిచ్చేటప్పుడు అదే ఫ్రేము సర్ది, పెట్టుకున్నాకే రెండు కళ్లకూ విడివిడిగా ఎత్తు కొలవమనాలి. ఫ్రేము షాపులోనే ఉండిపోతుంది గనుక అన్నాళ్లూ పాత జోడు దగ్గరుంచుకోవాలి.