పని ఒప్పుకునే ముందు ఫోన్‌లో అడగాల్సినవి

"వెబ్‌సైట్ చేసిపెట్టడానికి ఎంత తీసుకుంటారండీ?" సొంతంగా పనిచేసుకునే డెవలపర్లకు, డిజైనర్లకు కొత్తవాళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా ఈ మాటతోనే మొదలవుతాయి. వెంటనే ఒక అంకె చెప్పేస్తే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. అసలు పనేమిటో తేలకుండానే బేరం మొదలవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ధర చెప్పకుండా ఒక అరగంట సమయం అడుగుతారు. దాన్నే డిస్కవరీ కాల్ అంటున్నారు. ఆ అరగంటలో మన పనితనం గురించి చెప్పుకోవడం కన్నా ఈ పని మనం ఒప్పుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడం ముఖ్యం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రాజమండ్రిలో ఒకావిడ పచ్చళ్ల వ్యాపారం చేస్తున్నారు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. జనవరిలో హైదరాబాద్‌లోని ఒక డెవలపర్‌కి ఫోన్ చేసి, ఆన్‌లైన్‌లో అమ్ముకునే వెబ్‌సైట్ కావాలన్నారు. అతను మొదట అడగాల్సింది, "ఇప్పుడు ఒక ఆర్డర్ వస్తే మొదటి నుంచి చివరిదాకా ఏం జరుగుతుంది మేడం?" అని. ఏం కావాలని అడిగితే ఎక్కడో చూసిన వెబ్‌సైట్ గురించి చెబుతారు. ఏం జరుగుతోందని అడిగితే తమ ఇబ్బంది చెబుతారు.

ఆవిడ ఇలా చెప్పారనుకోండి. "రోజుకి పదిహేను ఆర్డర్లు వస్తాయి బాబూ. ఒక్కోటి పన్నెండు వందలు పడుతుంది. రేట్లు అడిగినవాళ్లకి ఒక్కొక్కరికీ నేనే టైప్ చేసి పంపాలి. రాత్రి అడిగినవాళ్లకి తెల్లారాక చెబితే, వాళ్లు అప్పటికే ఇంకెక్కడో కొనేస్తున్నారు." ఇక్కడ ఆగి, అలా పోయేవి రోజుకి సుమారుగా ఎన్ని ఉంటాయని అడగాలి. ఐదు అన్నారు. ఐదు ఆర్డర్లంటే రోజుకి 6,000 రూపాయలు, నెలకి 1,80,000. వెబ్‌సైట్ పెట్టగానే అవన్నీ వచ్చేస్తాయని నమ్మకూడదు. మూడో వంతు వస్తాయనుకుంటే 60,000. సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను నాలుగో వంతు మిగిలినా నెలకి 15,000. అంటే 90,000 రూపాయల పని అయితే ఆరు నెలల్లో ఆవిడ డబ్బు ఆవిడకి తిరిగొస్తుంది. ఈ లెక్క ఆవిడ చెప్పిన అంకెలతో, ఆవిడ ముందే వేయాలి. ఈ పని చేయడంలో అర్థం ఉందో లేదో ఇద్దరికీ అక్కడే తెలుస్తుంది. పోయే ఆర్డర్లు వారానికి ఒకటో రెండో అయితే వెబ్‌సైట్ కన్నా వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకోవడమే ఆవిడకి మేలు. ఆ మాట నోరు తెరిచి చెప్పాలి.

తర్వాత "ఇప్పుడే ఎందుకు?" అన్న ప్రశ్న. వేసవిలో కొత్త ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యేలోగా కావాలంటే అది నిజమైన గడువు. అది దాటితే ఆవిడకి నష్టం ఉంది కాబట్టి పని కదులుతుంది. "తొందరేం లేదు, అందరికీ ఉంది కదా మనకీ ఉంటే బాగుంటుందని" అంటే, మధ్యలో ఆవిడకి వేరే పని తగలగానే ఇది పక్కన పడిపోతుంది. డెవలపర్ మాత్రం ఆ నెలంతా వేరే పని ఒప్పుకోకుండా కూర్చుంటాడు.

నిర్ణయం ఎవరిదన్నది సున్నితమైన విషయం. "మీరే నిర్ణయిస్తారా, ఇంకెవరినైనా అడగాలా?" అని సూటిగా అడిగితే ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నేనే అని చెప్పేసి, కొటేషన్ పంపాక "మా మరిదిగారు ఒకసారి చూస్తానన్నారు" అంటారు. దానికి బదులు, "పోయినసారి ప్యాకింగ్ మిషనో ఇంకేదో పెద్ద ఖర్చు పెట్టినప్పుడు ఎవరెవరు కూర్చుని మాట్లాడుకున్నారు?" అని అడిగితే జరిగింది చెబుతారు. లెక్కలు చూసేది మరిదిగారని తెలిస్తే రెండో కాల్‌లో ఆయన కూడా ఉండేలా చూసుకోవాలి. ఆయన వినకుండా కొటేషన్ పంపితే అందులో ఆయనకి కనిపించేది ధర ఒక్కటే.

డబ్బు మాట వాయిదా వేయకూడదు. అయితే "మీ బడ్జెట్ ఎంత?" అంటే చాలామందికి ఆ పని ఎంతవుతుందో తెలియదు, తెలిసినా చెప్పరు. అందుకని మనమే ఒక పరిధి చెప్పాలి. "మీరు చెప్పినలాంటి పని నా దగ్గర 80 వేల నుంచి లక్షా 20 వేల మధ్య అవుతుందండీ. మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉందా?" అని అడిగి ఊరుకోవాలి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, కంగారుపడి మనమే తగ్గించి చెప్పేస్తాం. అలా తగ్గించకూడదు. పదిహేను వేలు అనుకున్నానని ఆవిడ అంటే, నెలవారీ చందాతో దొరికే రెడీమేడ్ స్టోర్ సేవల గురించి చెప్పి మర్యాదగా ముగించాలి. పదిహేను వేలకి లక్ష రూపాయల పని ఒప్పుకుంటే అది సగంలో ఆగుతుంది, ఇద్దరికీ చేదు మిగులుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న, చాలామంది అడగనిది ఒకటుంది. "మీ వైపు నుంచి ఇవ్వాల్సినవి ఎవరు, ఎప్పటికి ఇస్తారు?" పచ్చళ్ల వెబ్‌సైట్ కోడ్ రాయడంలో ఆలస్యమయ్యేది తక్కువ. ముప్పై రకాలుంటే ముప్పైకీ ఫొటోలు కావాలి. పావుకిలో, అరకిలో, కిలో ధరలు కావాలి. ఏ రాష్ట్రానికి కొరియర్ ఎంతో తేలాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడానికి పేమెంట్ గేట్‌వే వాళ్లు పాన్, బ్యాంకు ఖాతా వివరాలు పరిశీలించాకే అనుమతిస్తారు. డల్లాస్‌లోని తెలుగువాళ్లకి కూడా అమ్ముతామంటే పని స్వరూపమే మారిపోతుంది. వ్యాపారంగా ఆహారం పంపాలంటే తయారీ కేంద్రం అమెరికా ఎఫ్‌డీఏలో నమోదై ఉండాలి, సరుకు చేరేముందు వాళ్లకి సమాచారం ఇవ్వాలి. వీటిలో ఉన్నవేవో లేనివేవో ఫోన్‌లోనే అడిగితే గడువు నిజమైనదో కాదో తెలిసిపోతుంది. ఫొటోలు తీసేది ఎవరంటే "చూద్దాం" అన్న జవాబు వస్తే, ఫొటోల పనిని కూడా ధరలో కలపాలి, లేదా అవి వచ్చాకే పని మొదలవుతుందని చెప్పాలి.

ఇంతకుముందు ఎవరితోనైనా చేయించారా అని కూడా అడగాలి. చేయించి ఉంటే అది ఎక్కడ ఆగిందో వినాలి. ముగ్గురు మారారు, ముగ్గురూ మోసగాళ్లే అంటే జాగ్రత్తపడాలి. కానీ ఒక్క అనుభవం చెడిందని అనుమానించకూడదు, తప్పు నిజంగా పాత డెవలపర్‌దే కావచ్చు. అప్పుడు అడగాల్సింది డొమైన్ ఎవరి పేరున ఉందని. అది పాతతని ఖాతాలో ఉండిపోతే దాన్ని ఆవిడ పేరుకి మార్పించుకునేదాకా కొత్త పని మొదలుపెట్టినా ప్రయోజనం తక్కువ.

కాల్ ముగిసేలోపు ధర ఖాయం చేయాల్సిన పనిలేదు. విన్నదంతా ఒక పేజీలో రాసి ఆవిడకి పంపాలి. పోతున్న ఆర్డర్లు, వేసవి గడువు, మరిదిగారి మాట, ఎవరు ఏది ఇవ్వాలన్నది, చెప్పుకున్న ధరల పరిధి అందులో ఉండాలి. "ఇందులో ఏదైనా తప్పుగా రాస్తే చెప్పండి, శుక్రవారం మరిదిగారితో కలిసి పావుగంట మాట్లాడదాం" అని అడగాలి. ఆవిడ చదివి రెండు దిద్దుబాట్లు పంపి, శుక్రవారం సమయం ఖాయం చేస్తే కొటేషన్ రాయడం మొదలుపెట్టవచ్చు. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్కసారి గుర్తుచేసి, ఆ రోజులు వేరే పనికి ఇచ్చేయాలి.